వాన లెక్కా, నేల పదునా, ఉపగ్రహం చూసే పచ్చదనమా: శనక్కాయ చేనుకు కరువు కొలవాలంటే ఏది నమ్మాలి?

మండలంలో వర్షపాతం 'సాధారణం' అని పేపర్లో వస్తుంది. అదే రోజు చేలో శనక్కాయ మొక్క పదకొండు గంటలకే ఆకు ముడుచుకుని నిలబడి ఉంటుంది. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు వర్షాధారంగా సాగు చేసే ఇళ్లలో ఈ రెండూ ఒకే రోజు చూడటం అలవాటే. మా మామ అయితే పేపరు మడిచి పక్కన పెట్టి "వాళ్ల వాన వేరేమోలే" అంటాడు.

నిజానికి పేపర్లో అంకె తప్పు కాదు. కరువును మూడు చోట్ల కొలవొచ్చు. ఆకాశం నుంచి ఎంత తక్కువ పడిందన్నది ఒకటి, వేరు దగ్గర ఎంత తేమ మిగిలిందన్నది రెండు, మొక్క ఎంత పచ్చగా ఉందన్నది మూడు. ఈ మూడూ ఒకేసారి మోగే గంటలు కావు. ఏది ముందు మోగుతుంది, ఏది ఎప్పుడు అబద్ధం చెబుతుందన్నది తెలిస్తే మన పనికి ఏది పనికొస్తుందో తేల్చుకోవచ్చు. అందుకే ఒకే చేనును, ఒకే సీజన్‌ను పట్టుకుని మూడు కొలతలూ వేసి చూపిస్తాను. కింది అంకెలు ఏ ఒక్క సంవత్సరం రికార్డూ కావు. చిత్తూరు పడమటి మండలాల్లో వాన పడే తీరుకు దగ్గరగా నేను అనుకున్నవి.

వాన లెక్క: ఒకే గేజి, మూడు జవాబులు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మామూలుగా పడాల్సింది 400 మి.మీ. అనుకుందాం. జూన్ 70, జులై 100, ఆగస్టు 110, సెప్టెంబరు 120. ఈ ఏడు జూన్‌లో 95, జులైలో 125 పడింది. జులై 5న విత్తనం వేశాం. ఆగస్టు 6 లోపల ఇంకో 32 మి.మీ. పడి నేల బాగా నానింది. ఆ తర్వాత ఆగస్టు 20న 8 మి.మీ. చినుకు తప్ప సెప్టెంబరు 10 దాకా ఏమీ లేదు. సెప్టెంబరు 11 నుంచి 13 మధ్య ఒక్కసారిగా 130 మి.మీ. కొట్టింది, నెలాఖరుకు ఇంకో 20 పడింది.

సీజన్ మొత్తం 410 మి.మీ. అంటే సాధారణం కన్నా రెండున్నర శాతం ఎక్కువ. వాతావరణ శాఖ లెక్కలో సాధారణం కన్నా 19 శాతం ఎక్కువ తక్కువల లోపల ఉంటే 'సాధారణం', 20 నుంచి 59 శాతం తగ్గితే 'లోటు', 60 దాటి తగ్గితే 'తీవ్ర లోటు'. కాబట్టి అక్టోబరులో చూసేవాడికి ఇది మంచి సంవత్సరం.

సీజన్ అయ్యాక కాదు, మధ్యలో చూస్తే? ఆగస్టు 31 నాటికి పడాల్సింది 280, పడింది 260. లోటు 7 శాతం, అంటే సాధారణమే. సెప్టెంబరు 10, చేను అన్నిటికన్నా ఎక్కువ ఎండిన రోజు. ఆ రోజుకు పడాల్సింది సుమారు 320, పడింది అదే 260. లోటు 18.75 శాతం. అప్పుడు కూడా 'సాధారణం'. జూన్, జులైలో ఎక్కువ పడిన వాన ఆగస్టు ఎండను లెక్కలో కప్పేసింది. కాగితం మీద మిగిలే ఆ వాన నేలలో మిగలదు. ఆ నీళ్లు ఎప్పుడో వంకల్లో పోయాయి, ఆవిరయ్యాయి.

ఇక ఒక్క ఆగస్టు నెలనే విడిగా తీస్తే 110కి 40, అంటే 64 శాతం తక్కువ, తీవ్ర లోటు. అదే గేజి, అదే వాన. కిటికీ ఎంత వెడల్పు పెట్టుకున్నామన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది. కరువు వార్త చదివేటప్పుడు నేను మొదట చూసేది శాతం కాదు, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా లెక్కన్నది.

ఈ లోపాన్ని సరిచేయడానికే బెట్ట లెక్క ఉంది. ఆఫీసుల్లో డ్రై స్పెల్ అంటారు. వరసగా మూడు నాలుగు వారాలు, ప్రతి వారం ఆ వారపు సాధారణంలో సగం కన్నా తక్కువ పడితే అది బెట్ట. మన ఉదాహరణలో వారానికి సాధారణం సుమారు 25 మి.మీ. కాబట్టి పన్నెండున్నర దాటాలి. ఆగస్టు 7 నుంచి అయిదు వారాలూ ఆ గీత కిందే ఉన్నాయి. 8 మి.మీ. చినుకు పడిన వారం కూడా దాటలేదు. కేంద్రం 2016లో తెచ్చిన కరువు నిర్వహణ మాన్యువల్‌లో లోటు శాతంతో పాటు ఈ బెట్ట కూడా తప్పనిసరి సూచిక. మొత్తం వాన సాధారణంగా ఉన్నా బెట్ట ఉంటే కరువు ప్రకటనకు మొదటి మెట్టు దాటే దారి అందులో ఉంది. మండలం తరఫున అర్జీ రాసేవాళ్లు సీజన్ మొత్తం అంకె పట్టుకుని పోరాడటం వృథా. వారం వారం వాన పట్టిక అడిగి తీసుకుని, బెట్ట తేదీలు రాయాలి.

వాన లెక్కలోనే ఎస్‌పీఐ అని ఇంకొకటి ఉంది. 1993లో కొలరాడోలో మెక్కీ, ఆయన సహచరులు తయారుచేసింది. లోటు శాతం అనేది వాన ఎంత తగ్గిందో చెబుతుంది. ఎస్‌పీఐ అలా తగ్గడం ఆ ఊళ్లో ఎంత అరుదో చెబుతుంది. మైనస్ 1 దాటితే ఓ మోస్తరు కరువు, మైనస్ ఒకటిన్నర దాటితే తీవ్రం, మైనస్ 2 దాటితే అతి తీవ్రం. వాన ఏటా ఎగుడుదిగుడుగా పడే మన రాయలసీమలో 25 శాతం లోటు తరచూ వచ్చేదే. ఏటా ఒకేలా వాన పడే చోట అదే 25 శాతం పెద్ద సంఘటన. రెండు ప్రాంతాలను పోల్చాలంటే ఎస్‌పీఐ మంచిది. దానికి కనీసం ముప్పై ఏళ్ల రికార్డు కావాలి కాబట్టి నిన్న మొన్న పెట్టిన స్టేషన్ డేటాతో వేస్తే నమ్మకూడదు. బోర్లు, చెరువుల సంగతి తెలియాలంటే ఆరు లేదా పన్నెండు నెలల ఎస్‌పీఐ చూడండి. శనక్కాయ చేనుకు మాత్రం అది చాలా పెద్ద కిటికీ.

నేల పదును: కుండ లెక్క

వ్యక్తిగతంగా నేను ఎక్కువ నమ్మేది ఇదే. కారణం చెప్పాలంటే కొంచెం నిదానంగా చెప్పాలి.

నేలను ఒక కుండ అనుకోండి. వాన పడితే నిండుతుంది, ఎక్కువైతే పొర్లిపోతుంది, ఎండకీ మొక్కకీ రోజూ కొంత ఖర్చవుతుంది. మన ఎర్ర గరప నేల మీటరు లోతుకు సుమారు 100 మి.మీ. నీటిని మొక్కకు అందేలా దాచుకోగలదు. శనక్కాయ వేరు బాగా పనిచేసే లోతు 45 సెంటీమీటర్లు అనుకుంటే కుండ పరిమాణం 45 మి.మీ. కింద రాయి ఉండి నేల ఒక అడుగే ఉంటే అది 30కి పడిపోతుంది. నల్లరేగడి రైతు కుండ మనకన్నా చాలా పెద్దది. అందుకే ఒకే బెట్ట అతన్ని ఇబ్బంది పెడుతుంది, మనల్ని ముంచుతుంది.

కుండలో ఎంత మిగిలిందో శాతంలో చెప్పేదే 'అందుబాటు నేల తేమ శాతం'. మాన్యువల్ లెక్కలో 76 పైన ఉంటే కరువు లేదు, 51 నుంచి 75 స్వల్పం, 26 నుంచి 50 ఓ మోస్తరు, 25 లోపు తీవ్రం.

ఆగస్టు 6 సాయంత్రం కుండ నిండుగా ఉంది, 45 మి.మీ. పైరు బాగా పెరిగాక రోజుకు సుమారు 4 మి.మీ. తాగుతుంది. ఆరు రోజులకు 24 ఖర్చు. ఆగస్టు 12కు 21 మిగిలింది, అంటే 47 శాతం. వాన ఆగి వారం కూడా కాలేదు, అప్పుడే 'ఓ మోస్తరు' గీత కిందికి వచ్చేశాం. సగం దాటాక నేల నీటిని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి మొక్క రోజూ తీసుకునేది తగ్గుతూ పోతుంది. ఆ తగ్గుదల కలిపి వేస్తే ఆగస్టు 16 ప్రాంతంలో 25 శాతానికి చేరుతుంది. ఆగస్టు 20కి 5 మి.మీ. మిగిలి ఉండగా 8 మి.మీ. చినుకు పడి 13కి లేస్తుంది, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ తీవ్రంలోకి దిగుతుంది. నెలాఖరుకు రెండు మి.మీ. కూడా ఉండదు.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. కుండ లెక్క ఆగస్టు 12న హెచ్చరించింది, 16న తీవ్రం అంది. బెట్ట లెక్క మూడు వారాలు పూర్తయితే గాని పలకదు, అంటే ఆగస్టు 27. సీజన్ లోటు శాతం చివరిదాకా పలకనే లేదు. విత్తిన 33వ రోజు నుంచి 67వ రోజు దాకా ఎండింది. ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే రోజులు అవే. పైపొర గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు, దిగింది కూడా ఊరదు. మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు అని మనవాళ్లు ఎందుకన్నారో గాని, ఈ చేను విషయంలో కార్తెలు కూడా సరిపోయాయి.

ఆగస్టు 12న తెలిస్తే ఏం చేయగలం? పంట కుంట గానీ బోరు గానీ ఉంటే ఒక్క తడి ఇవ్వగలం. ఎకరానికి ఒక మి.మీ. అంటే సుమారు 4,000 లీటర్లు. 20 మి.మీ. తడికి 80,000 లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. ట్యాంకరుతో అయ్యే పని కాదని ఈ లెక్కే చెబుతుంది. కుంట, స్ప్రింక్లర్ ఉన్నవాళ్లు మాత్రం ఆ వారంలోనే తిప్పాలి. 27 దాకా ఆగితే అదే నీళ్లు పోసినా వచ్చే ఫలితం వేరు.

కుండ లెక్కకూ తప్పులు పడతాయి. గంటలో 60 మి.మీ. కొడితే మన వాలు నేలల్లో అంతా ఇంకదు. కుండలో 60 రాసుకున్నామంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. నేల లోతు తప్పుగా అంచనా వేస్తే తేదీలన్నీ జరుగుతాయి. పరీక్ష మాత్రం సులువు. పారతో 15 సెంటీమీటర్లు తవ్వి గుప్పెడు మట్టి పిసకండి. నోటుబుక్కులో 30 శాతం ఉండి మట్టి ఇంకా ఉండ కడుతుంటే మీ కుండ మీరు అనుకున్నదాని కన్నా పెద్దది. పుస్తకంలో 60 ఉండి మట్టి పొడిగా రాలిపోతుంటే వాన నీరు ఇంకకుండా పారిపోయింది, లేదా కుండ చిన్నది.

ఉపగ్రహం కూడా నేల తేమ కొలుస్తుంది కదా, ఇదంతా ఎందుకు అని అడుగుతారు. 2015లో నాసా పంపిన స్మాప్ లాంటివి సూటిగా చూసేది పైన అయిదు సెంటీమీటర్ల పొరనే. మన 8 మి.మీ. చినుకు పడిన మర్నాడు ఆ పొర తడిగా ఉంటుంది, పటంలో మండలం కోలుకున్నట్టు కనిపిస్తుంది. అడుగున వేరు దగ్గర పెద్దగా మారి ఉండదు. పైగా ఆ పటంలో ఒక్కో గడి 9 కిలోమీటర్లు. ఒక గడిలో గుట్ట, చెరువు, టమాటా తోట, మన చేను అన్నీ కలిసిపోతాయి. జిల్లా మొత్తం ఎండుతోందా లేదా అని చూడటానికి సరే, సర్వే నంబరుకు కాదు.

పచ్చదనం: మామిడి తోట చేసే మాయ

ఆరోగ్యమైన ఆకు ఎర్ర కాంతిని మింగి, కంటికి కనపడని పరారుణ కాంతిని తిప్పి కొడుతుంది. ఈ రెంటి తేడాతో వచ్చే అంకె ఎన్‌డీవీఐ. ఉత్త నేలకు సుమారు 0.15, దట్టమైన తోటకు 0.6 పైన. కానీ ఆ అంకె ఒక్కటే చూస్తే ఊరికీ ఊరికీ పోలిక కుదరదు. అందుకే గత ఏళ్లలో అదే చోట, అదే పక్షంలో వచ్చిన అతి తక్కువ, అతి ఎక్కువ విలువల మధ్య ఇవాళ ఎక్కడ ఉన్నామో చూస్తారు. అది వీసీఐ, ఫెలిక్స్ కోగన్ ప్రతిపాదించింది.

```
VCI = (NDVI - NDVImin) / (NDVImax - NDVImin) × 100
```

60 పైన ఉంటే బాగుంది, 40 నుంచి 60 ఓ మోస్తరు, 40 లోపు తీవ్రం.

మన చేనునే విడిగా తీస్తే గతంలో కనిష్ఠం 0.18, గరిష్ఠం 0.52, సెప్టెంబరు మొదట్లో 0.30 అనుకుందాం. 0.12ను 0.34తో భాగిస్తే 35. తీవ్రం. నిజం కూడా అదే.

ఇప్పుడు చుట్టుపక్కల ఊరంతా కలిపి చూద్దాం. అక్కడ నలభై శాతం తోతాపురి మామిడి, అరవై శాతం శనక్కాయ. మామిడి ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టు. వేరు లోతుకు పోతుంది, నెల బెట్టకు దాని పచ్చదనం పెద్దగా కదలదు. దానికి 0.65 వేసుకుంటే ఊరి సగటు 0.44 వస్తుంది. గరిష్ఠం ఈ మధ్య మంచి ఏడాది, మామిడి ఇంతే ఉన్నప్పటిది, సుమారు 0.57. కనిష్ఠం మాత్రం చాలా ఏళ్ల కిందటి కరువులోది. అప్పుడు మామిడి పది శాతమే ఉండేది, మిగిలిందంతా ఎండిన చేను, కాబట్టి సుమారు 0.23. లెక్క వేస్తే 0.21ను 0.34తో భాగించి 62. 'బాగుంది'.

ఇక్కడ తప్పు మామిడిది కాదు. మామిడి మొదటి నుంచీ అంతే ఉండి ఉంటే కనిష్ఠం, గరిష్ఠం రెండూ దాన్ని కలుపుకునే ఉండేవి, వీసీఐ దాన్ని చాలావరకు తీసేసేది. మధ్యలో చేలు తోటలయ్యాయి, పోలికకు పెట్టుకున్న కనిష్ఠం మాత్రం చేల కాలం నాటిది. చిత్తూరు జిల్లాలో శనక్కాయ తీసి మామిడి పెట్టిన ఊళ్లు ఎన్నున్నాయో మనకు తెలుసు. అలాంటి చోట పచ్చదనం సూచిక కరువును తక్కువ చేసి చూపే ప్రమాదం ఎక్కువ. పోలికకు ఏ ఏళ్లు తీసుకున్నారు, తోటలను విడదీశారా అన్న రెండు ప్రశ్నలు వేయకుండా ఆ పటాన్ని ఒప్పుకోకూడదు. బీడు మీద సర్కారు తుమ్మ కమ్ముకున్న చోటా ఇదే కథ.

ఇంకో చిక్కు ఆలస్యం. శనక్కాయ బెట్టలో మొదట ఆకు ముడుస్తుంది, పూత తగ్గుతుంది, రంగు చాలా రోజుల తర్వాత గాని పోదు. మబ్బుల వల్ల ఉపగ్రహం రోజూ చూడలేదు కాబట్టి పక్షంలో వచ్చిన అత్యుత్తమ విలువను ఉంచుకుంటారు. అంటే పక్షం మొదటి రోజున ఉన్న పచ్చదనమే పక్షమంతా నిలబడిపోవచ్చు. ఆకులో నీటిని పసిగట్టే ఎన్‌డీడబ్ల్యూఐ కొంచెం ముందు పలుకుతుంది, కాబట్టి రెండూ దొరికితే రెండూ చూడండి. అసలు నవ్వొచ్చేది చివర్లో. సెప్టెంబరు 11 వాన తర్వాత గడ్డి మొలిచి, శనక్కాయ కూడా కొత్త ఆకు వేసి, అక్టోబరు మొదట్లో పటమంతా పచ్చగా మారుతుంది. మొక్క పీకి చూస్తే కింద కాయలుండవు.

అయితే పచ్చదనం సూచిక ఎందుకూ పనికిరాదని కాదు. గేజి మండలానికి ఒకటో రెండో ఉంటాయి. వాన ఒక ఊళ్లో పడి పక్క ఊరు వదిలేస్తుంది. సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో గడి పది మీటర్లే, అయిదు రోజులకోసారి వస్తుంది. గేజి చూడని ఊరు ఎండిందని చూపాలంటే అంతకన్నా మంచి సాక్ష్యం లేదు, చేను గడులను మాత్రమే ఎంచుకుని, తోటలు తీసేసి చూస్తే.

మరి ఏది ఎంచుకోవాలి

తడి ఇవ్వాలా, కలుపు తీయించి ఎరువు వేయాలా ఆపాలా అన్న నిర్ణయానికి కుండ లెక్క తప్ప ఇంకేదీ సమయానికి రాదు. ఒక ప్లాస్టిక్ రెయిన్ గేజి, ఒక నోటుబుక్కు, ఒక పార చాలు. గేజిని చెట్టు కిందా ఇంటి చూరు కిందా కాకుండా ఖాళీ జాగాలో పెట్టండి, పొద్దున్నే ఒకే వేళకు చూడండి. మండలం గేజి అంకె మీ చేనుకు వాడకండి.

ప్రభుత్వంతో మాట్లాడాలంటే వాన లెక్కే భాష. మాన్యువల్ ప్రకారం ముందు వాన, బెట్ట చూస్తారు. అది దాటితేనే నేల తేమ, పచ్చదనం, సాగైన విస్తీర్ణం, చెరువులు, భూగర్భ జలాల దగ్గరికి వస్తారు. ఆ తర్వాత కొన్ని ఊళ్లు ఎంచుకుని చేలోకి వచ్చి చూస్తారు. మొదటి మెట్టులో పడిపోతే చేను ఎంత ఎండినా ఫైలు కదలదు.

తిరుపతి జిల్లా తూర్పు వైపు, శ్రీకాళహస్తి, సత్యవేడు ప్రాంతాల్లో ఈ క్యాలెండర్ అంతా మార్చుకోవాలి. అక్కడ ఈశాన్య రుతుపవనాలే పెద్ద దిక్కు, చెరువు కింద వరి. సెప్టెంబరు నాటి లోటు చూసి కరువనడం తొందర, సెప్టెంబరు మిగులు చూసి ధైర్యపడటమూ తొందరే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూడు నెలల ఎస్‌పీఐ, చెరువు మట్టం చూడాలి. నవంబరులో ఒక్క వాయుగుండం రెండు రోజుల్లో సీజన్ లెక్క నింపేస్తుంది. అది చెరువుకు పండగే. మెట్ట చేనుకు మాత్రం మన 130 మి.మీ. కథే.

ఇక చేలోకి బృందం వచ్చే రోజు సంగతి. అప్పటికి పటం పచ్చగా ఉంటుంది, చేను కూడా దూరానికి పచ్చగానే ఉంటుంది. రోడ్డు మీద నిలబడి చూపించకండి. చేలో నాలుగైదు చోట్ల మీటరు పొడవు సాలు పీకి, ఎన్ని ఊడలు కాయ కాకుండా ఎండిపోయాయి, ఎన్ని కాయల్లో గింజ ఉందో వాళ్ల ముందే లెక్కపెట్టించి రాయించండి. ఆగస్టు చివర్లో మధ్యాహ్నం తీసిన, తేదీ కనపడే ఫోటోలు, వారం వారం మీ గేజి అంకెలు పక్కన పెట్టండి. మామ ఈ మధ్య పేపరు మడవడం మానేశాడు. అంకె చదివి, "ఏ తేదీ నుంచిరా ఇది?" అని అడుగుతున్నాడు.